బ్రెడ్ లోపల ఉడికిందా?

ఇంట్లో బ్రెడ్ చేసేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఓవెన్‌లోంచి తీసేటప్పటికి పైన మంచి బంగారు రంగు వచ్చి ఉంటుంది, ఇల్లంతా కమ్మటి వాసన నిండుతుంది. కోస్తే మాత్రం మధ్యలో తడితడిగా ఉండి కత్తికి జిగురు అంటుకుంటుంది. మరోసారి ఇంకో పావుగంట ఎక్కువ ఉంచుదామనుకుంటే పైన నల్లబడి, అట్టలా గట్టిపడుతుంది. పిండి మంచిది కాదనో, ఈస్ట్ పాతదనో, తమకు చేతకాదనో అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి చాలాసార్లు పిండి తప్పూ ఉండదు, ఈస్ట్ తప్పూ ఉండదు. పైరంగు చూసి లోపలి సంగతి తేల్చేయడం వల్ల వచ్చే చిక్కు అది.

ఓవెన్‌ని 230 డిగ్రీల సెంటీగ్రేడు మీద పెట్టినా బ్రెడ్ లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు. పిండిముద్దలో నీళ్లు ఉన్నంతసేపూ దాటలేదు. ఆ వేడి దగ్గర నీరు ఆవిరవుతూ, అందే వేడినంతా తానే తీసుకుపోతుంది. పైపొర పరిస్థితి వేరు. అక్కడి తడి ఆరిపోగానే వేడి 100 దాటి 140, 150, ఆపైకి ఎగబాకుతుంది. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమ రంగునూ, కాల్చిన వాసననూ పుట్టించేది ఆ వేడి దగ్గరే. ఇడ్లీని ఎంతసేపు ఆవిరి మీద ఉంచినా తెల్లగానే ఉంటుంది, అదే పిండిని పెనం మీద అట్టు పోస్తే ఎర్రగా కాలుతుంది. బ్రెడ్‌లో ఈ రెండూ ఒకే ముద్దలో, ఒకేసారి జరుగుతాయి. కాబట్టి పైన ఒక కొలత, లోపల ఇంకో కొలత పెట్టుకోవాలి. ఈ రెండింటి మధ్య సమయం సర్దేది ఆవిరి.

ఓవెన్‌లో పెట్టిన మొదటి పది, పదిహేను నిమిషాల్లో బ్రెడ్ ఆకారం దాదాపు నిర్ణయమైపోతుంది. వేడి తగలగానే ఈస్ట్ ఒక్కసారి చురుకవుతుంది. సుమారు 55, 60 డిగ్రీల దగ్గర అది చచ్చిపోయేదాకా గాలి పుట్టిస్తూనే ఉంటుంది. పిండిలో అప్పటికే ఉన్న గాలి బుడగలు వేడికి వ్యాకోచిస్తాయి, నీటి ఆవిరి వాటిని ఇంకా ఉబ్బిస్తుంది. ముద్ద కళ్లముందే పైకి లేస్తుంది. ఈ పొంగు పూర్తిగా రావాలంటే పైపొర సాగుతూ ఉండాలి. పొడి వేడిలో అది తొందరగా ఆరి బిగుసుకుపోతుంది. లోపల పొంగే బలం మాత్రం ఆగదు కదా, బలహీనంగా ఉన్నచోట పక్కనుంచో అడుగునుంచో చీల్చుకుని బయటికి వస్తుంది. మీ బ్రెడ్ పైన నున్నగా, గుండ్రంగా ఉండి పక్కన మాత్రం పగిలిందంటే ఆవిరి చాలలేదని అర్థం.

ఆవిరి ఉన్నప్పుడు చల్లగా ఉన్న పిండి మీద అది మంచులా కమ్ముకుని నీరవుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 540 కేలరీల వేడిని వదులుతుంది. అదే ఒక గ్రాము మరిగే నీరు 30 డిగ్రీలకు చల్లబడితే వదిలేది 70 కేలరీలే. అంటే ఆవిరి పైపొరను తడిపి సాగేలా ఉంచుతూనే, పొడి గాలికన్నా చాలా వేగంగా పిండికి వేడి అందిస్తుంది. ఆ తడిలో పైనున్న పిండిపదార్థం ఉడికి, పలచటి గంజి పొరలా పరుచుకుంటుంది. తర్వాత అది ఆరి కాలినప్పుడే బేకరీ బ్రెడ్‌కి ఉండే మెరుపూ, పలచగా కరకరలాడే పైపొరా వస్తాయి.

ఈ సంగతి యూరప్ బేకరీలవాళ్లకు చాలాకాలంగా తెలుసు. ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ సాంగ్ 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా తరహా బేకరీ తెరిచాడు. అక్కడి ఆవిరి ఓవెన్‌లో కాల్చిన బ్రెడ్ మెరుపు చూసి పారిస్ జనం ఎగబడ్డారు. మిగతా బేకరీలూ ఆ పద్ధతినే పట్టుకున్నాయి. ఇప్పటికీ పెద్ద బేకరీ ఓవెన్లలో ఆవిరి వదలడానికి విడిగా ఏర్పాటు ఉంటుంది.

మన ఇళ్లలో ఉండే ఓటీజీకి అది లేదు. పైగా దాని తలుపు సందుల్లోంచి ఆవిరి ఇట్టే బయటికి పోతుంది. అడుగున ట్రేలో వేడినీళ్లు పొయ్యమనీ, ఐసు ముక్కలు వెయ్యమనీ, స్ప్రే బాటిల్‌తో చల్లమనీ రకరకాల సలహాలు వినపడతాయి. తలుపు తీసి నీళ్లు చల్లితే వచ్చే ఆవిరి కన్నా పోయే వేడే ఎక్కువ. ఓవెన్ చిన్నదైనకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. వేడెక్కిన తలుపు అద్దం మీద చన్నీటి చుక్క పడితే అద్దం పగిలే ప్రమాదం ఉంది. నీళ్లు రాడ్ల మీద పడడం అసలే మంచిది కాదు. ఓటీజీలో నీళ్లు చల్లే పద్ధతిని నేనైతే ఎవరికీ చెప్పను.

ఇంటికి సరిపడే ఉపాయం మూత ఉన్న బరువైన పాత్ర. పిండిలోంచి వచ్చే తేమే ఆవిరై పాత్రలో నిలుస్తుంది, బయటినుంచి చుక్క నీరు అక్కర్లేదు. న్యూయార్క్‌లోని సల్లివాన్ స్ట్రీట్ బేకరీ యజమాని జిమ్ లేహీ ఇలా పాత్రలో కాల్చే బ్రెడ్ గురించి 2006 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాశాడు. ఆ తర్వాతే ఈ పద్ధతి ప్రపంచమంతా ఇళ్లలోకి చేరింది. మన దగ్గర పోత ఇనుముతో చేసిన, మూత ఉన్న కడాయి ఉంటే చాలు. అదీ లేకపోతే మందపాటి ఇనుప పెనం మీద బ్రెడ్ పెట్టి, దానిమీద లోతైన స్టీలు గిన్నె బోర్లించినా సగానికి పైగా పని జరుగుతుంది. మూతకు ప్లాస్టిక్ పిడి ఉంటే విప్పేయాలి. నాన్‌స్టిక్ పాత్రను ఖాళీగా ఇంత వేడి చేయకూడదు. అన్నిటికన్నా ముందు, పాత్ర పై రాడ్‌కి తగలకుండా మీ ఓవెన్‌లో పడుతుందో లేదో ఓవెన్ చల్లగా ఉన్నప్పుడే పెట్టి చూసుకోండి.

ఒక బ్రెడ్ చేసి చూద్దాం. మైదా 400 గ్రాములు, నీళ్లు 260 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు. పాలు, పంచదార, నూనె ఏమీ లేవు. ఎండాకాలంలో ఫ్రిజ్ నీళ్లు వాడితే పిండి మరీ తొందరగా పొంగిపోకుండా ఉంటుంది. బాగా పిసికి, మూతపెట్టి, రెట్టింపయ్యేదాకా ఉంచాలి. వేడి రోజుల్లో గంట, గంటంపావులో అవుతుంది. తర్వాత గట్టిగా గుండ్రంగా చుట్టి బేకింగ్ పేపరు మీద పెట్టాలి. షాపుల్లో దొరికే మైనం పూత బటర్ పేపరు ఈ వేడికి పనికిరాదు. బేకింగ్ పేపరే అయినా ఎంత వేడి తట్టుకుంటుందో డబ్బామీద చూసి, పాత్ర బయటికి వచ్చే అంచులు కత్తిరించేయండి.

చుట్టిన ముద్ద మళ్లీ పొంగే అరగంటలో ఓవెన్‌ని 230 మీద పెట్టి, లోపల ఖాళీ పాత్రను మూతతో సహా వేడెక్కనివ్వాలి. ఓవెన్ లైటు ఆరగానే పాత్ర కూడా వేడెక్కిందనుకోవద్దు. లైటు చెప్పేది గాలి వేడిని. బరువైన ఇనుముకి అరగంట పూర్తిగా కావాలి. డయల్ మీది అంకెను కూడా గుడ్డిగా నమ్మకండి. 230 అని తిప్పితే లోపల 200 ఉండే ఓటీజీలు కొన్ని, 250 ఉండేవి కొన్ని. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటరుతో ఒకసారి చూసుకుంటే మీ ఓవెన్ గుణం తెలుస్తుంది.

పిండిని వేలితో మెల్లగా నొక్కితే ఆ గుంట నిదానంగా, కొంచెం మిగిలిపోతూ పైకి వస్తే ముద్ద సిద్ధమైనట్టే. కొత్త బ్లేడుతో పైన సెంటీమీటరు లోతున ఒక గాటు పెట్టండి. లోపలి పొంగు ఎక్కణ్నుంచి బయటికి రావాలో మనం చూపించే దారి అది. మందపాటి గ్లవుజులు రెండు చేతులకీ వేసుకుని, పేపరుతో సహా ముద్దను పాత్రలోకి దింపి, మూత పెట్టి ఓవెన్‌లోకి తోసేయాలి.

ఇరవై రెండు, ఇరవై అయిదు నిమిషాలయ్యాక మూత తీయండి. మొహం దూరంగా పెట్టుకుని తీయాలి, ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. లోపల కనిపించే బ్రెడ్ చూసి కొత్తవాళ్లు నిరాశ పడతారు. ముద్ద బాగా లేచి, గాటు పువ్వులా విచ్చుకుని ఉంటుంది గానీ రంగు ఇంకా పాలిపోయి, పైన నూనె రాసినట్టు ఒక మెరుపు ఉంటుంది. అది ఆవిరి తన పని చేసిందనడానికి గుర్తు. ఇక్కణ్నుంచి ఆవిరి అవసరం లేదు, ఉంటే నష్టం. తడి పోనంతవరకూ పైపొర 100 డిగ్రీలు దాటదు, దాటకపోతే రంగు రాదు. చివరిదాకా మూతపెట్టి కాల్చిన బ్రెడ్ పాలిపోయి, మందంగా తోలులా సాగుతుంది. మూత తీసేశాక వేడిని 215కి తగ్గించి, మరో పద్దెనిమిది, ఇరవై నిమిషాలు కాలనివ్వాలి. పై రాడ్ దగ్గరగా ఉన్న చిన్న ఓవెన్లలో ఒకవైపే నల్లబడుతుంటే మధ్యలో ఒకసారి తిప్పండి.

ఇక లోపలి సంగతి. బ్రెడ్ అడుగున వేలితో కొడితే డొల్ల చప్పుడు రావాలని పాతకాలపు బేకర్లు చెబుతారు. అనుభవం ఉన్న చెవికి అది పనికొస్తుంది గానీ, ఇంకా ఉడకని బ్రెడ్ కూడా అలాగే మోగగలదు. సూదిలా గుచ్చే డిజిటల్ థర్మామీటరు నమ్మకంగా చెబుతుంది. జ్వరం చూసేది ఇక్కడ పనిచేయదు. దూరంనుంచి ఎర్ర చుక్క వేసి చూసేది పైపొర వేడినే చెబుతుంది కాబట్టి అదీ వద్దు. బ్రెడ్‌ని బయటికి తీసి పక్కనుంచి గానీ అడుగునుంచి గానీ గుచ్చి, సూది మొన సరిగ్గా మధ్యకు చేరేలా చూడాలి. అంకె కదలడం ఆగేదాకా ఆగి, రెండు మూడు చోట్ల చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

పాలు, నెయ్యి, పంచదార లేని ఇలాంటి బ్రెడ్‌కి మధ్యలో 96 నుంచి 99 డిగ్రీలు రావాలి. అంతకు ముందే, సుమారు 60 నుంచి 85 డిగ్రీల మధ్య, పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని ఉడుకుతుంది. గ్లూటెన్ గట్టిపడి బుడగల గోడలు నిలబడతాయి. 90 చేరినప్పుడే తినడానికి ఉడికినట్టే కదా అనిపించవచ్చు. కానీ అప్పుడు తీసేస్తే లోపల తడి ఎక్కువగా ఉండి, చల్లారేటప్పుడు పక్కలు లోపలికి కుంగుతాయి, కోస్తే ముద్దగా నలుగుతుంది. మిగతా ఆరు డిగ్రీలు ఆ అదనపు తడి పోవడానికి.

సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉన్నామన్నది కూడా ఇక్కడ చూసుకోవాలి. విశాఖపట్నంలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ సుమారు 98 దగ్గరే మరుగుతాయి. అంటే హైదరాబాద్ వంటింట్లో బ్రెడ్ మధ్యలో 99 చూద్దామని ఎంతసేపు కాచుకున్నా అది రాదు, ఈలోగా పైన మాడిపోతుంది. అక్కడ 95, 96 వస్తే తీసేయొచ్చు. బెంగళూరు ఇంకా ఎత్తు, ఇంకో డిగ్రీ తగ్గించుకోవాలి. థర్మామీటరు కొనగానే మీ వంటింట్లో నీళ్లు మరిగించి అందులో ముంచి చూడండి. వచ్చిన అంకెలోంచి రెండు, మూడు డిగ్రీలు తీసేస్తే అదే మీ బ్రెడ్ లక్ష్యం. సూదిలో చిన్న తేడా ఉన్నా ఈ లెక్కలో అది కూడా సర్దుకుపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఓవెన్లలో ఫారెన్‌హీట్ అంకెలుంటాయి. 450 అంటే మన 230, మధ్యలో రావలసినది 205 నుంచి 210.

అయితే థర్మామీటరు చెప్పేది సగమే. మధ్యభాగం 96, 97కి వచ్చాక అంకె దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఇంకో పది నిమిషాలు ఉంచినా పెద్దగా పెరగదు. అప్పటికి పైన లేత గోధుమ రంగే ఉండొచ్చు. ఆ పది నిమిషాల్లో లోపల ఉడకడానికి మిగిలింది ఏమీ లేదు గానీ, పైపొర ఆరి గట్టిపడుతుంది, రుచి వస్తుంది. లేత రంగులో తీసిన బ్రెడ్ పైన కరకరలాడుతున్నట్టే అనిపించి, అరగంటలో లోపలి తేమ పైకి పాకి మెత్తబడిపోతుంది. కాబట్టి అంకె చూసి “ఇక తీయొచ్చు” అని, రంగు చూసి “ఇప్పుడు తీస్తాను” అని నిర్ణయించుకోవాలి. నా మటుకు నేను గాటు అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగేదాకా ఆగుతాను.

అంకె, రంగు ఒకదానికొకటి పొసగకపోతే ఏం సవరించాలో కూడా అవే చెబుతాయి. పైన రంగు వచ్చేసి లోపల 85 మాత్రమే చూపిస్తే ఓవెన్ మీ ముద్దకి మరీ వేడిగా ఉంది, లేదా పై రాడ్‌కి దగ్గరగా ఉంది. పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి ఉంచేయండి, మరోసారి వేడి 15 డిగ్రీలు తగ్గించి చూడండి. లోపల 97 వచ్చినా పైన తెల్లగా ఉంటే వేడి చాలడం లేదు, లేదా మూత ఆలస్యంగా తీశారు. థర్మామీటరు లేనివాళ్లకు త్రాసు కొంత సాయం చేస్తుంది. మన ముద్ద పచ్చిగా 670 గ్రాములుంది. సరిగ్గా కాలితే 12 నుంచి 15 శాతం నీరు పోయి, 570 నుంచి 590 గ్రాముల మధ్యకు రావాలి. 630 ఉంటే లోపల తడి మిగిలిందన్నమాటే.

బయటికి తీసిన బ్రెడ్‌ని జల్లి మీద పెట్టి చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. పైపొర చల్లబడి ముడుచుకుంటూ నెర్రెలు వేయడం వల్ల వచ్చే చప్పుడు అది. కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఓవెన్ ఆపేశాక తలుపు ఓరగా తెరిచి బ్రెడ్‌ని అయిదు, పది నిమిషాలు అందులోనే ఉంచితే పైపొర ఇంకొంచెం నిలుస్తుంది. కోయడానికి కనీసం గంట ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు లోపలి పిండిపదార్థం ఇంకా మెత్తటి గంజిలా ఉంటుంది, చల్లారుతూ గట్టిపడుతుంది. పూర్తిగా ఉడికిన బ్రెడ్‌ని కూడా వేడివేడిగా కోస్తే పచ్చిగా ఉన్నట్టే జిగురు కడుతుంది. పిల్లలు ఆగలేక కోయించిన బ్రెడ్ చూసి “ఉడకలేదు” అని తీర్పు చెప్పకండి.

పాలు, పంచదార, వెన్న వేసి డబ్బాలో చేసే మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్‌కి ఈ లెక్కలు వేరు. పంచదార, పాలు తొందరగా రంగు తెస్తాయి కాబట్టి ఓవెన్ 180, 190 దాటకూడదు. కరకరలాడే పైపొర అక్కర్లేదు కాబట్టి ఆవిరి గొడవ లేదు. వెన్న వల్ల లోపల మెత్తగానే ఉండాలి కాబట్టి మధ్యలో 88 నుంచి 93 డిగ్రీలు వస్తే చాలు, 97 దాకా ఉంచితే పొడిపొడిగా రాలుతుంది. రంగు చూసి మోసపోయేది కూడా ఎక్కువగా ఈ బ్రెడ్‌తోనే. ఇరవై నిమిషాలకే పైన ఎర్రగా వచ్చేస్తుంది, అప్పటికి మధ్యలో సగమే ఉడికి ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన డబ్బాలు, అచ్చులు, మిక్సర్లు కొనేముందు ఒక గుచ్చే థర్మామీటరు కొనుక్కోండి. కాల్చిన ప్రతిసారీ మూత తీసిన నిమిషం, బయటికి తీసినప్పటి మధ్యభాగం అంకె, అప్పటి రంగు ఒక కాగితం మీద రాసుకుని ఓవెన్ పక్కనే అంటించండి. మీ ఓవెన్‌కి ఏ వంటల పుస్తకమూ ఇవ్వలేని సరైన వేళలు అందులోనే ఉంటాయి.